ఏడు మాత్రల నడక

మాచర్ల,
మార్గశిర శనివారం, 1986.

జిలానీ అన్నయ్యకు,

గురవమ్మ నమస్కారాలు. అసలు ఉన్నావా, లేవా? చిలకలూరిపేట ఏమన్నా సముద్రం అవతల ఉందా అన్నయ్యా? నరసరావుపేటలో బస్సు మారితే మా గుమ్మం ముందు దిగుతావు. మా ఆయన సంవత్సరీకానికి వచ్చి వెళ్లినవాడివి మళ్లీ ఒక కార్డు ముక్క రాయలేదు. ఆయన సన్నాయి పక్కన ఇరవై ఏళ్లు డోలు వాయించినవాడివి, ఆయన పోగానే మా ఇంటి దారి కూడా మరిచావు. సరే, తిట్టడం అయిపోయింది. ఇక అసలు సంగతి.

నేను పాట రాశాను. ఆయన పోయాక ఇదే మొదటిది. రాశానని కూడా అనలేను, అదే వచ్చింది. సాయంత్రం మిషను ఆపి, కుట్టిన జాకెట్లు మడతపెట్టి, దీపం పెట్టబోయే ముందు కాసేపు ఊరికే కూర్చుంటాను. ఆ వేళకు వీధి తలుపు మూసేస్తాను. తీసి ఉంచితే ఎవరో వస్తారని చూడబుద్ధవుతుంది, ఎవరూ రారు. అట్లా కూర్చుని ఉండగా నోట్లోకి వచ్చింది:

మెల్ల మెల్లగ గడప దాటుము
చెన్నకేశవ, తలుపు తీసితి.

మన స్వామి మీదే. చైత్రంలో తిరునాళ్లకు పాడించాలని ఆశ. మా వీధి రామమందిరంలో శనివారం భజన చేసే పెదకోటయ్య బాబాయి తెలుసు గదా, హార్మోనియం ఆయన. వెళ్లి చెప్పాను. "పాట బాగుందమ్మా, ఏం తాళం?" అన్నాడు. మాటలు నావి, తాళం మా ఆయనది. ఇన్నేళ్లూ నేను రాసి ఇవ్వడం, ఆయన అన్నం తింటూనే కంచం మీద వేళ్లు ఆడిస్తూ "ఆదే, ఆదే" అనడం. అంతే నాకు తెలిసిన సంగీతం.

నీకు దాచడమెందుకు. ఆయన పోయాక భజనకు నన్నెవరూ పిలవలేదు. సన్నాయి ఉన్నప్పుడు సన్నాయి వారి భార్యని, ఇప్పుడు ఎవరిని? జాకెట్లు కుట్టే మనిషిని. కొలతలకు వచ్చేవాళ్లతో తప్ప ఒక్కోరోజు నోరు తెరిచే పని ఉండదు. ఈ పాట పాడితే ఆ ఆడవాళ్ల మధ్య నాకూ ఒక చాప ముక్క దొరుకుతుంది. నాకు కావలసింది అదే. కాబట్టి ఆదా, రూపకమా, ఏదో ఒకటి తేల్చి రాయి. నీ డోలు ఎట్లా ఉంది?

నీ చెల్లెలు
గురవమ్మ


చిలకలూరిపేట,
2-1-87.

చెల్లెమ్మా గురవమ్మా,

నీ తిట్లు అందినవి. చదువుతుంటే మీ ఇంట్లో కాఫీ తాగుతున్నట్టే ఉంది. డోలు బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

తాళం సంగతి. నీకు లెక్క రాదంటున్నావు గాని లెక్క చానా తేలిక. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. పొట్టి అక్షరం తర్వాత ఒత్తున్న అక్షరం వస్తే ఆ పొట్టిది కూడా బరువెక్కి రెండవుతుంది. "మెల్ల" చూడు. మె రెండు, ల్ల ఒకటి, మూడు. "మెల్లగ" నాలుగు. "గడప" మూడు, "దాటుము" నాలుగు. "చెన్న" మూడు, "కేశవ" నాలుగు. "తలుపు" మూడు, "తీసితి" నాలుగు. ఎక్కడా తప్పలేదు. తక్కెడ పెట్టి తూచినా ఇంత సరిగ్గా రాదు.

ఇప్పుడు ఆదికి పెట్టి చూద్దాం. ఒక చరుపు, మూడు వేళ్ల లెక్క, తర్వాత చరుపు విసురు, చరుపు విసురు. ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు. నీ పల్లవిలో ముక్కలు కూడా ఎనిమిదే, కాబట్టి ఎవరికైనా ఆదే అనిపిస్తుంది. కాని అందులో సగం ముక్కలు మూడు మాత్రలవి. వాటిని నాలుగుకు లాగాలి. "మెల్లా మెల్లగ గడపా దాటుము, చెన్నా కేశవ తలుపూ తీసితి" అని పాడాలి. నిలబడుతుంది, కాని ప్రతి మాటా చివర సాగిలపడుతుంది.

రూపకమంటావా, చరుపు, చరుపు, విసురు. దెబ్బకు రెండు చొప్పున ఆరు మాత్రలు. నీ ఏడు అందులో పట్టవు, ఒకటి కోయాలి. "మెల్ల మెల్ల" అని "గ" తీసేస్తే మూడూ మూడూ ఆరు. అయినా రెండో "మెల్ల" రెండో చరుపుకూ విసురుకూ నడుమ సందులో పడుతుంది, దెబ్బ మీద పడదు. ఇక "చెన్నకేశవ"లో "వ" ఎగిరిపోతుంది. ఆదిలో స్వామి పేరు సాగుతుంది, రూపకంలో తెగుతుంది.

దీని తాళం మిశ్రచాపు. తకిట, తకధిమి. మూడూ నాలుగూ ఏడు. "తకిట" మొదట్లో ఒక దెబ్బ, "తక" మీద ఒకటి, "ధిమి" మీద ఒకటి. మొదటి దెబ్బ తర్వాత కాస్త ఎక్కువసేపు ఆగుతావు, తర్వాతి రెండూ సమానంగా వస్తాయి. చెన్నకేశవ అనే పేరే ఏడు మాత్రలు గదా, ఆ పేరే ఈ తాళాన్ని తెచ్చుకుందనుకుంటాను.

ఒకటి అడుగుతాను. మిషను తొక్కుతూ కట్టావా ఇది? ఇంకొకటి. పాటలో తలుపు తీసితి అన్నావు, ఉత్తరంలో మూసుకుంటున్నానన్నావు. ఏది నిజం?

జిలానీ


మాచర్ల,
మాఘ బహుళం.

అన్నయ్యా,

నీ మిశ్రచాపు నా పరువు తీసింది. విను.

నీ ఉత్తరం చూసి తొడ మీద చెయ్యి వేసుకుంటూ వారం పాటు సాధన చేశాను. నాకు కష్టమే అనిపించలేదు, అది కూడా వింతే. శనివారం మందిరానికి వెళ్లి, పెదకోటయ్య బాబాయి శ్రుతి పట్టగానే ఎత్తుకున్నాను. ఆడవాళ్లందరూ చప్పట్లు కలిపారు. రెండో వరసకే చప్పట్లు చెల్లాచెదరయ్యాయి. ఒకరు ముందు, ఒకరు వెనక, రోశమ్మ అత్త అయితే మధ్యలో చెయ్యి గాల్లో ఆపేసి నా మొహం చూస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక ఆగుతుందా, అందరూ నవ్వు. నేనూ నవ్వాననుకో, ఏడవలేక.

బాబాయి హార్మోనియం ఆపి, "ఏందమ్మా ఇది? కుంటెద్దు బండి మాదిరి పోతావుంది. మా జనానికి ఆదితాళం తప్ప చెయ్యి ఆడదు. ఇట్టా పాడితే తిరునాళ్లలో నలుగురు కూడా కలవరు" అన్నాడు. తర్వాత ఆయనే "మెల్లా మెల్లగ గడపా దాటుము" అని లాగి పాడాడు. నువ్వు రాసినట్టే, అక్షరం తేడా లేదు. చప్పట్లు ఒక్కసారిగా కలిసిపోయాయి అన్నయ్యా. మందిరమంతా ఒకే చేతితో కొట్టినట్టు. మూడోసారికి అందరికీ నోటికి వచ్చేసింది. రోశమ్మ అత్త లేచి వచ్చి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇన్నాళ్లు ఏడబోయావే?" అంది. ఎక్కడికి పోయానమ్మా, నాలుగిళ్ల అవతలే ఉన్నాను. అనలేదులే. ప్రసాదం రెండుసార్లు పెట్టారు. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను.

అయితే ఒకటి. వాళ్లు పాడుతుంటే నేను పాడలేకపోయాను. "చెన్నా" దగ్గరికి వచ్చేసరికి గొంతు ముందుకు పోదు. అలవాటు లేక అనుకుంటాను.

మిషను తొక్కుతూ కట్టావా అన్నావు. కాదు. మిషను సమంగా పోతుంది, నా కాలికి తెలుసు. ఇది మిషను ఆపాక వచ్చింది. తలుపు మాట అడిగితే, పాటలో స్వామికి తీశాను, ఇంట్లో మనుషులకు మూశాను. సరిపోయిందా?

చరణం కూడా కుదిరింది. ఊరేగింపులో స్వామి మన వీధులన్నీ తిరుగుతాడు గదా, ఆ ఊహ.

దారి పొడవున రాళ్లు ముండ్లును
కాలు నొప్పిగ నున్నదేమో.

చైత్రానికి ఆదిలోనే పాడిస్తానంటున్నాడు బాబాయి. నువ్వు సరే అను. మా ఆయన లేడు, ఆ మాట నీ నోట వింటే చాలు.

గురవమ్మ


చిలకలూరిపేట,
3-3-87.

చెల్లెమ్మా,

సరే. ఆదిలోనే పాడించు. పదిమందితో కలిసి కూర్చోవడం నీకు అవసరం.

ఒక్క జాగ్రత్త. మాటలను లాగవద్దని పెదకోటయ్యకు చెప్పు. మూడు మాత్రలూ పాడి, నాలుగోది ఖాళీగా వదలమను. "మెల్ల" అని ఆగి, "మెల్లగ". "చెన్న" అని ఆగి, "కేశవ". దెబ్బలు సరిపోతాయి, మాటలూ చెడవు.

చరణం చదివాను. బాగుంది.

జిలానీ


మాచర్ల,
ఫాల్గుణ పౌర్ణమి వెళ్లాక.

అన్నయ్యా,

నాకు కోపం వచ్చింది. నా పల్లవికి అక్షరం అక్షరం తూచి అంత పెద్ద ఉత్తరం రాసినవాడివి, చరణానికి "బాగుంది" అని ఒక్క మాటా? నీ సంగతి నాకు తెలియదా? ఆయనతో ఏదైనా తేడా వస్తే కూడా ఇట్లాగే ముక్తసరిగా మాట్లాడి, డోలు బిగించే మిష మీద బయటికి వెళ్లేవాడివి. ఏదో దాస్తున్నావు.

నువ్వు చెప్పిన ఖాళీ సంగతి బాబాయితో అన్నాను. ప్రయత్నించారు పాపం. మన జనం ఖాళీని ఖాళీగా ఉండనిస్తారా? ఒకరు "ఆ" అంటారు, ఒకరు చిటికె వేస్తారు, ఇంకొకరు "చెన్నయ్య" అంటారు. మళ్లీ లాగుడే.

ఇప్పుడు శనివారాలు పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి, "గురవమ్మక్కా, ఇయ్యాల పెందలాడే రా" అని చెప్పి వెళ్తున్నారు. నా పేరుతో పిలుస్తున్నారు. ఆ పిలుపు కోసం శుక్రవారం నుంచే చెవి గుమ్మానికి వేసి ఉంటున్నాను, సిగ్గు లేకుండా. భజనకు వెళ్తాను, చప్పట్లు కొడతాను, నవ్వుతాను. పాట మాత్రం పెదవులు కదిలిస్తాను అంతే.

ఇంటికి వచ్చి మిషను దగ్గర కూర్చుంటే చెయ్యి దానంతటది తొడ మీద పాత ఏడే వేస్తుంది. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఆదికి తిప్పాలని చూస్తాను, తిరగదు. పెదకోటయ్య బాబాయి పాట విన్నప్పుడు ఎవరిదో ఇల్లు చూసినట్టుంటుంది. గోడలన్నీ మావే, మనుషులు వేరు. తాళం మారితే ఇంత బాధేంటి అన్నయ్యా? ఇదివరకు నా పాటలన్నీ మా ఆయన ఆదికే కట్టాడు, వాటిల్లోనూ "చెన్నా కేశవా" అనే పాడాం. అప్పుడు లేని ముల్లు ఇప్పుడెందుకు?

తిరునాళ్లు దగ్గరపడ్డాయి. తెలిస్తే చెప్పు. నన్ను ఊరడించడానికి మాత్రం రాయకు.

గురవమ్మ


చిలకలూరిపేట,
29-3-87.

చెల్లెమ్మా గురవమ్మా,

చెప్తాను. చెప్పకూడదనుకున్నాను గాని, నువ్వే నా చెయ్యి పట్టి లాగావు.

పేరు వల్ల ఆ తాళం వచ్చిందని రాశాను చూడు, అది నేను నమ్మి రాయలేదు. నువ్వే అన్నావు గదా, అదే పేరు నీ పాత పాటల్లో ఆదిలో హాయిగా కూర్చుంది. కాబట్టి ఈ ఏడు పేరు తెచ్చింది కాదు. నీ మొదటి ఉత్తరం చదివి, నోటితో అనుకుంటూ బల్ల మీద వేళ్లు వేశానో లేదో, నాకు తెలిసిపోయింది. చరణంలో కాలు నొప్పి అన్నావే, అది చదివాక ఇక ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు. స్వామికి కాలు నొప్పి అని ఎవరన్నారమ్మా? మన స్వామి పల్లకీ మీద తిరుగుతాడు.

అది మీ ఆయన ఆంజనేయులు నడక.

లారీ తగిలి కాలు విరిగినప్పటి నుంచి వాడు ఎట్లా నడిచేవాడో గుర్తు తెచ్చుకో. చెడ్డ కాలూ చేతికర్రా కలిపి వేసి, నొప్పికి గభాలున ఎత్తేసేవాడు. అది పొట్టి అడుగు, మూడు. తర్వాత మంచి కాలి మీద బరువంతా మోపి నింపాదిగా ఆగేవాడు. అది పొడుగు అడుగు, నాలుగు. నువ్వు ఇంట్లో కూర్చుని విన్నావు, నేను పక్కన నడుస్తూ విన్నాను. ఊరేగింపులో కీర్తన ఆదిలో సాగుతుంటే వాడి అడుగు దానికి అందేది కాదు, మొహం ఎర్రబడేది. అందుకని కీర్తనకూ కీర్తనకూ మధ్య ఉత్త డోలు వాయించే వేళ నేను మిశ్రంలోకి తిప్పేవాణ్ణి. తకిట, తకధిమి. జనానికి అది డోలు గమ్మత్తు. వాడికి మాత్రం తెలుసు. సన్నాయి చంకన పెట్టుకుని నా వైపు చూసి, "ఒరేయ్ జిలానీ, నా కుంటిని కూడా తాళానికెక్కించావు గదరా" అని నవ్వేవాడు. కారంపూడి వీధుల్లో, గురజాలలో, ఎన్నిసార్లో.

మీ ఇంటి ముందు నాపరాళ్లు పరిచి ఉంటాయి. సాయంత్రం నువ్వు మిషను ఆపే వేళకే వాడు ఇంటికి వచ్చేవాడు. ఆ రాళ్ల మీద ఆ చప్పుడు వినే నువ్వు లేచి తలుపు తీసేదానివి, వాడు పిలవాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు అదే వేళకు, మూసిన తలుపు వెనక కూర్చుంటే, నీ లోపల ఆ అడుగులు నడుస్తున్నాయి. వాటి మీద మాటలు వాలాయి. నువ్వు స్వామిని పిలుస్తున్నాననుకున్నావు. పిలిచావేమో కూడా, నేను కాదనను. పెదకోటయ్య ఆ మూడును నాలుగు చేశాడు. అంటే వాడి కాలు బాగుచేశాడు. కాలు బాగైన మనిషి వాడు కాదు. అందుకే నీ గొంతు దాటలేదు.

ఇది నీకు చెప్తే ఆ పాట గుడిలో పాడనివ్వవని భయపడ్డాను. మళ్లీ ఒంటరిదానివైపోతావని. అందుకే మొన్న పొడిగా "సరే" అన్నాను.

నా సంగతి కూడా చెప్తాను. డోలు బాగుందని రాశాను. వాడు పోయిన రోజు మేకుకు తగిలించాను, మళ్లీ దించలేదు. వేరే సన్నాయి వాళ్లు రెండుసార్లు పిలిచారు. పక్కన ఇంకొకరి అడుగు పడుతుంటే నా చెయ్యి లేవలేదు. ఇక్కడ పత్తి మిల్లు గేటు దగ్గర కాపలాకు కూర్చుంటున్నాను, వచ్చే బండ్లూ పోయే బండ్లూ చూస్తూ. మీ వదిన హజ్రా పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి నాకూ లేదు. నీ ఉత్తరాలు వస్తే రెండు పూటలా చదువుతాను.

మొన్న ఆదివారం డోలు దించాను. చర్మం ఉసూరుమని ఉంది. ఎండలో పెట్టి, వార్లు బిగించి, కుడిచేతి వేళ్లకు తొడుగులు వేసుకుని, ఎడం చేత్తో పుల్ల పట్టుకున్నాను. మా వీధి షహనాజ్ వాళ్ల టేప్ రికార్డరులో ఒక పక్క నిండా వాయించాను. పాట లేదు, ఉత్త ఏడు. తకిట దగ్గర ఎడమ వైపు పుల్ల దెబ్బ పొట్టిగా, తకధిమి దగ్గర కుడి అరచెయ్యి బరువుగా మోపి. గుర్తున్నంతవరకు వాడి లాగే. నాకు తెలిసిన లారీ డ్రైవరు అబ్దుల్ గఫార్ మాచర్ల వస్తున్నాడు, క్యాసెట్టు అతనితో పంపుతున్నాను. విను. విన్నాక నీకు ఏది తోస్తే అది చెయ్యి. ఆదిలోనే పాడించినా నేను తప్పు పట్టను, అల్లా సాక్షి.

జిలానీ


మాచర్ల,
చైత్రం, తిరునాళ్లు అయిపోయాక.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి నీ మీద మండిపడ్డాను. నా పాటను, స్వామి పాటను పట్టుకుని ఇట్లా అంటాడా అని. రెండు రోజులు క్యాసెట్టు మిషను సొరుగులో పడేశాను.

మూడోరోజు సాయంత్రం పక్కింటి జైనాబ్ బీ దగ్గర టేప్ రికార్డరు అడిగి తెచ్చుకున్నాను. ఏమిటో చెప్పలేదు. వీధి తలుపు వేసి, మీట నొక్కాను. మొదట గరగరమంది. నువ్వు గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత మొదలైంది.

నేను ఏమీ అనుకోలేదు అన్నయ్యా. నిజం చెప్తున్నాను, ఆయన గుర్తుకు రావడం, కళ్లనీళ్లు, అవేమీ కాదు. లేచాను. చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. వెళ్లి గడియ తీశాను. తలుపు బార్లా తీసి పక్కకు జరిగాను కూడా, ఆయన కర్ర పట్టుకుని లోపలికి రావడానికి చోటు కావాలి గదా. అప్పుడు వీధి కనిపించింది. ఖాళీ.

ఖాళీ అని అన్నాను గాని, జైనాబ్ బీ తన గుమ్మంలో నిలబడి వీధి చివర దాకా చూస్తోంది. చేతులకు పిండి అట్లాగే ఉంది. తాళమంటే ఏమిటో ఆమెకు తెలియదు, నా పాట సంగతీ తెలియదు. నా వైపు తిరిగి, "ఏమే గురవమ్మా, అన్న వచ్చినట్టు ఇనపడింది నాకు" అంది. అన్నాక ఆమెకే గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. ఆమె చేతుల పిండి నా జాకెట్టంతా అయింది. ఇద్దరం గడప మీద కూర్చుని క్యాసెట్టు ఆ పక్క అయిపోయేదాకా విన్నాం. మధ్యలో ఒకచోట నీ చెయ్యి తప్పింది. ఆయన కూడా మలుపు దగ్గర ఎత్తురాయి తగిలి అట్లాగే తడబడేవాడు. కావాలని చేశావా?

మర్నాడు పెదకోటయ్య బాబాయి దగ్గరికి వెళ్లి పాట తిరిగి ఇచ్చేయమన్నాను. ఆయన హార్మోనియం తుడుస్తున్నాడు. "ఊరందరికీ నోటికొచ్చినాక ఎనక్కి అడుగుతావా? పాట ఏమన్నా అరువు చెంబా?" అన్నాడు. కారణం చెప్పలేకపోయాను. చెప్తే దేవుడి పాట మొగుడికి రాసుకుందంటారు. దానికి బదులు ఇదివరకు మా ఆయన ఆదికి కట్టిన పాత పాట ఒకటి రాసి ఇచ్చాను. తీసుకున్నాడు గాని మొహం చిట్లించుకున్నాడు. తిరునాళ్లలో దాన్నే పాడారు, చప్పట్లు బాగా కుదిరాయట. నన్ను పిలవడానికి ఎవరూ రాలేదు. శనివారాలు కూడా రావడం లేదు. రోశమ్మ అత్త నిన్న జాకెట్టు కొలతకు వచ్చి, "నీకు గీర ఎక్కువే" అని వెళ్లింది. బాధగా ఉంది. లేదని అబద్ధం చెప్పను. ఆ చాప మీద కూర్చున్నప్పుడు ఎంత వెచ్చగా ఉండేదో నాకే తెలుసు.

కాని ఆయనను ఇద్దరం తప్ప గుర్తుపట్టేవాళ్లు లేరనుకున్నాను, ముగ్గురం ఉన్నాం. నా పాట చెప్పమని జైనాబ్ బీ అడిగింది. ఆమెకు ఆది రాదు, అందుకని ఏడు తేలిగ్గానే పట్టుకుంది. నేను పాడుతుంటే గడప మీద చెయ్యి వేస్తుంది, దెబ్బ తప్పదు.

స్వామి సంగతి కూడా ఆలోచించాను. ఆయనకు కోపం రాదు. పేరులోనే ఏడు పెట్టుకున్న దేవుడు, మా ఆయన అడుగు తెలియదా?

రెండో చరణం ఇప్పుడు కుదిరింది. ఈసారి నీకు తూచమని పంపడం లేదు, నేనే లెక్కపెట్టుకున్నాను. ఎక్కడా లాగలేదు, కొయ్యలేదు.

చేయి పట్టెద, కర్ర విడువుము
చెన్నకేశవ, ఇల్లు చేరుము.

నీ డోలు మళ్లీ మేకుకు తగిలించావంటే నాకు తెలిసిపోతుంది. దాన్ని భుజాన వేసుకుని ఒక ఆదివారం రా. మిల్లు గేటు ఎక్కడికీ పోదు. వచ్చేముందు కార్డు రాయనక్కర్లేదు, నువ్వు పిలవనూ అక్కర్లేదు. దీపాలవేళ తలుపు తీసే ఉంచుతున్నాను.

నీ చెల్లెలు
గురవమ్మ